ఎనిమిదో తరగతి ‘దహనం, ఇంధనాలు, జ్వాల’ పాఠాన్ని చిన్న వాక్యాల్లోకి తిరగరాయడం

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ‘దహనం, ఇంధనాలు, జ్వాల’ పాఠం రెండుసార్లు చదివినా పరీక్షలో సొంతంగా రాయలేకపోతోంది. నేను చిన్న చిన్న వాక్యాలతో నోట్సు తయారుచేసి ఇచ్చాను గానీ అది బట్టీ పట్టే జాబితాలా అయిపోయింది. ఇంట్లో రోజూ కనిపించే వాటితో ఈ పాఠాన్ని ఎలా తిరగరాయాలో ఎవరైనా రాసి చూపించగలరా?

సమాధానం:

పాతికేళ్లకు పైగా ఉన్నత పాఠశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలు బోధించాను. ఈ పాఠానికి రాసుకునే నోట్సులో నేను తరచుగా చూసిన లోపం ఒకటే. వాక్యాన్ని పొట్టిచేసే తొందరలో, ఆ వాక్యాన్ని నిజం చేసే మాటనే తీసేస్తారు. ‘జ్వలన ఉష్ణోగ్రత అంటే మండే ఉష్ణోగ్రత’ అని రాసుకున్న పిల్ల, అది మండటం మొదలుకావడానికి కావలసిన కనిష్ఠ ఉష్ణోగ్రత అన్న అసలు సంగతిని పోగొట్టుకుంటుంది. ఈ పాఠంలో కనిష్ఠ, పూర్తిగా, ఒక కిలోగ్రాము, ఆవిరిగా మారే అన్న మాటలను ఎంత పొట్టి వాక్యంలోనైనా వదలకూడదు. మిగతా ఏ మాటను తగ్గించినా పెద్ద నష్టం లేదు.

రెండో విషయం, ఈ పాఠమంతా ఒకే దారం మీద నడుస్తుంది. మంట పుట్టాలంటే మూడు కావాలి. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మంట ఉండదు. మంట ఎందుకు అంటుకుంది, ఎందుకు అంటుకోలేదు, ఎలా ఆరింది అన్న ప్రశ్నలన్నీ ‘ఆ మూడింటిలో ఏది ఉంది, ఏది లేదు’ అన్న ఒక్క ప్రశ్నకు రూపాలే. అందువల్ల పుస్తకంలోని వరుసను కొంచెం పక్కనపెట్టి, నేను తరగతిలో చెప్పే వరుసలో నోట్సు రాస్తున్నాను. నోట్సు భాగాలు చిన్న వాక్యాల్లో ఉంటాయి; వాటి మధ్య నేను రాసేది మీకోసం.

మొదటి భాగం, దహనం అంటే ఏమిటి.

ఒక పదార్థం ఆక్సిజన్‌తో చర్య జరిపి ఉష్ణాన్ని ఇస్తుంది. ఈ రసాయన చర్యను దహనం అంటారు. దహనంలో ఒక్కోసారి వెలుగు కూడా వస్తుంది. ఆ వెలుగు జ్వాలగా రావచ్చు, కణకణలాడే ఎర్రదనంగా రావచ్చు. పొయ్యిలో గ్యాసు జ్వాలతో మండుతుంది. కుంపటిలో బొగ్గు జ్వాల లేకుండా ఎర్రగా మండుతుంది. రెండూ దహనమే. దహనం చెందే పదార్థం దహనశీల పదార్థం. కాగితం, కట్టె, కిరసనాయిలు దహనశీల పదార్థాలు. రాయి, గాజు దహనశీల పదార్థాలు కావు. మనం తిన్న ఆహారం కూడా శరీరంలో ఆక్సిజన్‌తో చర్య జరిపి శక్తినిస్తుంది. అందుకే ఆహారాన్ని శరీరానికి ఇంధనం అంటారు.

ఇక్కడ చాలామంది పిల్లలు ‘దహనం అంటే మంటతో కాలడం’ అని రాస్తారు. బొగ్గు ఉదాహరణ అక్కడ ఉన్నది ఆ పొరపాటును ఆపడానికే, దాన్ని తీసేయవద్దు. సూర్యుడు మండుతున్నాడని కూడా కొందరు రాస్తుంటారు. సూర్యుడి వేడి కేంద్రక చర్యల వల్ల వస్తుందే తప్ప ఆక్సిజన్‌తో జరిగే దహనం వల్ల కాదు.

రెండో భాగం, మంటకు కావలసిన మూడు. నోట్సులో సగం చోటు దీనికే ఇవ్వండి.

మంటకు ఇంధనం కావాలి. గాలి, అంటే అందులోని ఆక్సిజన్, కావాలి. ఇంధనం తన జ్వలన ఉష్ణోగ్రతకు చేరేంత వేడి కావాలి. ఒక పదార్థం మండటం మొదలుకావడానికి కావలసిన కనిష్ఠ ఉష్ణోగ్రతే దాని జ్వలన ఉష్ణోగ్రత. అగ్గిపుల్లతో కాగితం వెంటనే అంటుకుంటుంది. అదే అగ్గిపుల్లతో దుంగ అంటుకోదు. దుంగ దళసరిగా ఉంటుంది. పుల్ల ఇచ్చిన కొద్ది వేడి దుంగ లోపలికి పాకిపోతుంది. ఉపరితలం జ్వలన ఉష్ణోగ్రతకు చేరదు. అందుకే కట్టెల పొయ్యిలో ముందు చితుకులు అంటిస్తారు. చితుకుల మంట కట్టెలను వేడిచేస్తుంది. కట్టెలు ఆ తర్వాత రాజుకుంటాయి.

కాగితపు కప్పులో నీళ్లు పోసి మంట మీద పెడితే కప్పు కాలదు, నీళ్లు వేడెక్కుతాయి. కాగితానికి అందిన వేడిని నీళ్లు లాగేసుకుంటాయి. నీళ్లు మరిగేది 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర. కాగితం అంటుకోవడానికి 200 డిగ్రీలకు పైగా కావాలి. నీళ్లు ఉన్నంతసేపు కాగితం ఆ వేడికి చేరదు.

ఈ ప్రయోగాన్ని పెద్దవాళ్ల సమక్షంలో కొవ్వొత్తి మంట మీద చేయించవచ్చు, అయితే రెండు జాగ్రత్తలున్నాయి. ఈ రోజుల్లో టీ కొట్లలో ఇచ్చే కప్పులకు లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది కాబట్టి మామూలు నోటుపుస్తకం కాగితాన్ని మడిచి దొన్నెలా చేసుకోవడం మంచిది. నీళ్ల మట్టానికి పైన ఉన్న అంచుకు మంట తగిలితే అది అంటుకుంటుంది. అప్పుడు ప్రయోగం తప్పిందని అనుకోనక్కరలేదు. నీళ్లు తాకని చోట వేడిని లాగేసుకునేది ఏదీ లేదు కాబట్టి కాగితం కాలింది. ఆ అంచు ఎందుకు కాలిందో మీ అమ్మాయి తన మాటల్లో చెప్పగలిగితే జ్వలన ఉష్ణోగ్రత ఆమెకు అర్థమైనట్టే.

గాలి సంగతికి నేను ఎప్పుడూ ఒక చిక్కు ప్రశ్న వాడేవాణ్ని. ఊదితే దీపం ఆరుతుంది. ఊదితేనే పొయ్యి రాజుకుంటుంది. ఒకే ఊపిరి రెండు పనులు ఎలా చేసింది? తరగతిలో నూటికి తొంభైమంది ‘మన ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది కాబట్టి దీపం ఆరింది’ అంటారు. అదే కారణమైతే ఊదుగొట్టంతో ఊదిన కుంపటి కూడా ఆరిపోవాలి. దీని జవాబును నోట్సులో ఇలా రాయండి.

దీపంలో మండేది నూనె ఆవిరి. గట్టిగా ఊదితే ఆ ఆవిరి వత్తి దగ్గర నుంచి చెదిరిపోతుంది. వత్తి చల్లబడుతుంది. ఇంధనమూ పోయింది, వేడీ పోయింది. దీపం ఆరింది. బొగ్గు ఘన పదార్థం. ఊదితే అది చెదిరిపోదు. దాని లోపల వేడి నిలిచి ఉంటుంది. ఊదిన గాలితో కొత్త ఆక్సిజన్ అందుతుంది. బొగ్గు మరింత ఎర్రబడుతుంది.

కొవ్వొత్తి మీద గాజు గ్లాసు బోర్లిస్తే కొద్దిసేపటికి ఆరిపోతుంది. ఇది అందరూ రాసే ఉదాహరణే గానీ, ‘గ్లాసులో ఆక్సిజన్ అయిపోయింది’ అన్న వాక్యం సరికాదు. ఆరిపోయిన తర్వాత కూడా గ్లాసులో కొంత ఆక్సిజన్ మిగిలే ఉంటుంది. కొవ్వొత్తి మండటానికి అది చాలదు. కాబట్టి ‘మండటానికి చాలినంత ఆక్సిజన్ అందలేదు’ అని రాయించండి.

మూడో భాగం, మంటను ఆర్పడం. కొత్తగా నేర్చుకోవలసింది ఇందులో తక్కువ.

మూడింటిలో ఒకదాన్ని తీసేస్తే మంట ఆరుతుంది. సిలిండరు రెగ్యులేటరు కట్టేస్తే ఇంధనం ఆగుతుంది. దుప్పటి కప్పితే గాలి ఆగుతుంది. నీళ్లు పోస్తే వేడి తగ్గుతుంది. కట్టెలు, కాగితాల మంటకు నీళ్లు మంచివి. నూనె మంటకు నీళ్లు వాడకూడదు. విద్యుత్ మంటకు కూడా నీళ్లు వాడకూడదు. మామూలు నీటి గుండా విద్యుత్ ప్రవహిస్తుంది. ఆర్పేవారికి షాక్ తగులుతుంది. విద్యుత్ మంటకు కార్బన్ డయాక్సైడ్ మేలు. అది ఆక్సిజన్ కంటే బరువైనది. మంటను దుప్పటిలా కప్పేస్తుంది. సిలిండరులో అది అధిక పీడనం వద్ద ద్రవంగా ఉంటుంది. బయటికి రాగానే వ్యాకోచించి చల్లబడుతుంది. గాలినీ ఆపుతుంది, వేడినీ తగ్గిస్తుంది.

నూనె మంట గురించి పుస్తకాలు ఒకే ముక్కలో తేల్చేస్తాయి, కానీ వంటింట్లో ఉండే అసలు ప్రమాదం ఇదే కాబట్టి మీ అమ్మాయికి దీన్ని కొంచెం విడమరచి చెప్పండి. నీరు నూనె కంటే బరువైనది కనుక బాణలిలో నూనె అడుగుకు చేరుతుంది. అక్కడి నూనె 100 డిగ్రీలను ఎప్పుడో దాటి ఉంటుంది కనుక ఆ నీరు క్షణంలో ఆవిరై, వందల రెట్లు వ్యాకోచించి, మండుతున్న నూనెను చుట్టూ చిమ్ముతుంది. చేయవలసింది స్టవ్ కట్టేయడం, బాణలిని కదపకుండా దాని మీదికి లోహపు మూతను పక్కనుంచి జరపడం, చల్లారేదాకా మూత తీయకపోవడం. మొదటి పని వేడిని ఆపుతుంది, రెండోది గాలిని ఆపుతుంది. మూడోది ఎందుకో మీ అమ్మాయినే అడగండి. మూత తొందరగా తీస్తే గాలి తిరిగి అందుతుంది, నూనె ఇంకా జ్వలన ఉష్ణోగ్రతకు పైనే ఉంటుంది, కనుక మళ్లీ అంటుకుంటుంది. మంట చెయ్యి దాటితే 101కి ఫోను చేయాలని నోట్సు అంచున రాసి పెట్టండి.

నాలుగో భాగం, జ్వాల. బట్టీ ఎక్కువగా జరిగేది ఇక్కడే, బట్టీ అవసరం లేనిది కూడా ఇక్కడే.

మండేటప్పుడు ఆవిరిగా మారే పదార్థాలే జ్వాలనిస్తాయి. మైనం కరిగి, వత్తి పైకి పాకి, ఆవిరై మండుతుంది. అందుకే కొవ్వొత్తికి జ్వాల ఉంటుంది. బొగ్గు ఆవిరి కాదు. అందుకే బొగ్గుకు జ్వాల ఉండదు. కొవ్వొత్తి జ్వాలలో మూడు మండలాలు ఉంటాయి. వత్తి చుట్టూ ఉన్నది నల్లని లోపలి మండలం. అక్కడ ఇంకా మండని మైనపు ఆవిరి ఉంటుంది. దాని చుట్టూ పసుపు రంగు మధ్య మండలం. అక్కడ ఆక్సిజన్ చాలదు. దహనం పూర్తిగా జరగదు. మండని కార్బన్ కణాలు వేడికి మెరుస్తాయి. ఆ మెరుపే పసుపు వెలుగు. అన్నిటికంటే బయట పలుచని నీలి మండలం. అక్కడ గాలి బాగా తగులుతుంది. దహనం పూర్తిగా జరుగుతుంది. జ్వాలలో అన్నిటికంటే వేడి చోటు ఇదే.

మూడు మండలాలను మూడు వేర్వేరు విషయాలుగా గుర్తుపెట్టుకోనక్కరలేదు. లోపలి నుంచి బయటికి వచ్చేకొద్దీ ఆక్సిజన్ ఎక్కువగా అందుతుంది, ఆక్సిజన్ పెరిగేకొద్దీ దహనం పూర్తవుతుంది, దహనం పూర్తయ్యేకొద్దీ వేడి పెరుగుతుంది, మసి తగ్గుతుంది. ఈ ఒక్క వాక్యం అర్థమైతే రంగులు వాటంతట అవే వస్తాయి.

దీన్ని ఇంట్లో రెండు విధాలుగా చూపించవచ్చు. కొవ్వొత్తిని ఊదగానే వత్తి నుంచి సన్నని తెల్లని పొగ లేస్తుంది. ఆ పొగ చల్లబడిన మైనపు ఆవిరి. వెలుగుతున్న అగ్గిపుల్లను వెంటనే, వత్తికి తాకించకుండా, ఆ పొగలోకి తీసుకువస్తే మంట పొగ వెంట కిందికి దిగి వత్తిని మళ్లీ వెలిగిస్తుంది. మండేది వత్తి కాదు, మైనపు ఆవిరే అనడానికి ఇంతకంటే తేలికైన రుజువు నాకు దొరకలేదు. గాలి కదలని చోట, ఊదిన ఒకటి రెండు క్షణాల్లోనే చేయాలి, ఆలస్యమైతే పొగ చెదిరిపోయి ప్రయోగం కుదరదు. రెండోది, ఒక పాత స్టీలు చెంచాను పటకారుతో పట్టుకుని పసుపు మండలంలో కొద్ది క్షణాలు ఉంచితే నల్లని మసి అంటుతుంది. ఆ మసే ఇంతకు ముందు మెరిసిన కార్బన్.

ఇక గ్యాసు పొయ్యి. సరిగా ఉన్న బర్నరు నీలి మంటనిస్తుంది, గిన్నె అడుగు నల్లబడదు. మంట పసుపుగా మారి గిన్నెలకు మసి పడుతోందంటే సాధారణంగా బర్నరు రంధ్రాలు గానీ గాలి లోపలికి వెళ్లే దారి గానీ మూసుకుపోయి ఉంటుంది. మధ్య మండలంలో జరిగినదే ఇక్కడా జరుగుతోంది. కంసాలి ఊదుగొట్టంతో జ్వాలలోని నీలి బయటి మండలాన్ని బంగారం మీదికి ఎందుకు ఊదుతాడన్న ప్రశ్నకు కూడా అదే వాక్యం జవాబు.

ఐదో భాగం, ఇంధనాలు. ఇందులో ఒక నిర్వచనం, ఒక లెక్క చాలు.

ఒక కిలోగ్రాము ఇంధనం పూర్తిగా మండినప్పుడు వచ్చే ఉష్ణశక్తిని ఆ ఇంధనపు కెలోరిఫిక్ విలువ అంటారు. దీని ప్రమాణం కిలోజౌల్ పర్ కిలోగ్రాము. పిడకలకు ఇది 6,000 నుంచి 8,000. కట్టెలకు 17,000 నుంచి 22,000. పెట్రోలుకు, కిరసనాయిలుకు సుమారు 45,000. వంట గ్యాసుకు 55,000. హైడ్రోజన్‌కు 1,50,000.

సంఖ్యలను అంకెలుగా బట్టీ పట్టించకుండా ఇంట్లోని సిలిండరుతో లెక్క వేయించండి. ఇంటి సిలిండరులో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది. 14.2ను 55,000తో గుణిస్తే 7,81,000 కిలోజౌళ్లు. ఇదే వేడి కట్టెల నుంచి రావాలంటే, కిలోకు 17,000 చొప్పున, 7,81,000ను 17,000తో భాగించాలి. దాదాపు 46 కిలోల కట్టెలు వస్తాయి. నిజానికి ఇంకా ఎక్కువే కావాలి, ఎందుకంటే ఈ విలువలు పూర్తిగా మండినప్పటివి. కట్టెల పొయ్యిలో దహనం పూర్తిగా జరగక కొంత పొగగా పోతుంది, పక్కలకు పోయే వేడి మరికొంత. నిర్వచనంలో ‘పూర్తిగా’ అన్న మాట ఎందుకు ఉందో ఈ లెక్క చేసిన తర్వాత ఎవరికీ వేరే చెప్పనక్కరలేదు.

పరీక్షలో లెక్క తిరగేసి వస్తుంది. 3 కిలోల ఇంధనం పూర్తిగా మండి 1,35,000 కిలోజౌళ్లు ఇచ్చింది, కెలోరిఫిక్ విలువ ఎంత? మొత్తం వేడిని ద్రవ్యరాశితో భాగిస్తే 45,000 కిలోజౌల్ పర్ కిలోగ్రాము. పిల్లలు ఇక్కడ తలకిందులుగా భాగిస్తారు, లేదా ప్రమాణం రాయకుండా వదిలేస్తారు. ‘ఒక కిలోకు ఎంత’ అని మనసులో అడుగుకుంటే మొదటి తప్పు జరగదు. హైడ్రోజన్ విలువ అంత ఎక్కువ కదా, దాన్నే ఎందుకు వాడమని మీ అమ్మాయి అడిగితే, అది పేలుడు స్వభావం కలదని, నిల్వ చేయడం, తరలించడం కష్టమని చెప్పండి. అంత వేడినిచ్చినా దాన్ని వంటింటి ఇంధనంగా ఎంచుకోకపోవడానికి కారణం అదే.

దహన రకాలకు నాలుగైదు వాక్యాలు చాలు. పొయ్యిలో గ్యాసు అంటించగానే మండటం శీఘ్ర దహనం. బయటి నుంచి నిప్పు పెట్టకుండానే పదార్థం మండితే అది స్వతస్సిద్ధ దహనం. తెల్ల భాస్వరం గది ఉష్ణోగ్రత వద్దే గాలిలో అంటుకుంటుంది, బొగ్గు గనుల్లో బొగ్గు తనంతట తాను వేడెక్కి రాజుకోవడమూ ఇదే. ఝార్ఖండ్‌లోని ఝరియా బొగ్గు గనుల్లో 1916లో గుర్తించిన మంటలు వందేళ్లు దాటినా పూర్తిగా ఆరలేదు. టపాసు పేలినప్పుడు వేడి, వెలుగు, శబ్దం, వాయువులు ఒక్కసారిగా వస్తాయి. దాన్ని పేలుడు అంటారు.

ఇంధనాల వల్ల కలిగే హాని గురించి కూడా క్లుప్తంగానే రాయండి. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే భూమి వేడెక్కుతుంది. బొగ్గు, డీజిల్ మండితే వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ ఆమ్ల వర్షానికి కారణమవుతుంది. గాలి చాలక దహనం పూర్తికాకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. చలికాలంలో తలుపులన్నీ మూసి బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటే ప్రాణాలు పోయేది దీనివల్లే.

నోట్సు పూర్తయిన తర్వాత పుస్తకం మూసి, అగ్గిపుల్ల గీసినప్పుడు ఏమి జరుగుతుందో ఆరేడు చిన్న వాక్యాల్లో రాయమనండి. పాఠమంతా ఆ ఒక్క గీతలో ఉంది. ఇలా వస్తే సరిపోతుంది: పెట్టె పక్కన గాజుపొడి, కొద్దిగా ఎర్ర భాస్వరం ఉంటాయి. పుల్ల తలలో యాంటిమొనీ ట్రైసల్ఫైడ్, పొటాషియం క్లోరేట్ ఉంటాయి. గీస్తే ఘర్షణ వల్ల వేడి పుడుతుంది. ఆ వేడికి కొంత ఎర్ర భాస్వరం తెల్ల భాస్వరంగా మారుతుంది. అది పొటాషియం క్లోరేట్‌తో వెంటనే చర్య జరిపి ఇంకా వేడినిస్తుంది. యాంటిమొనీ ట్రైసల్ఫైడ్ అంటుకుంటుంది. దాని మంటకు కర్రపుల్ల జ్వలన ఉష్ణోగ్రతకు చేరి మండుతుంది. ఇందులో పిల్లలు తరచుగా చేసే తప్పు, భాస్వరం పుల్ల తలలో ఉందని రాయడం. మీ అమ్మాయి అలా రాస్తే దిద్దకుండా, ఒక అగ్గిపుల్లను గరుకు గోడ మీద గీసి చూడమనండి. ఇప్పటి అగ్గిపుల్ల మామూలుగా అక్కడ అంటుకోదు. ఎందుకు అంటుకోలేదో చెప్పడానికి ప్రయత్నించేటప్పుడు భాస్వరం ఎక్కడ ఉందో ఆమే సరిచేసుకుంటుంది.